కొబ్బరి చట్నీ పార్సిల్ గురించి మన రెగ్యులర్ కస్టమర్లకి

"అన్నా, ఎనిమిదిన్నరకి పార్సిల్ తీసుకున్నా, పదకొండింటికి ఆఫీసులో విప్పితే చట్నీ పులిసిపోయి బుడగలొచ్చాయి. ఇది పొద్దున చేసిందేనా, నిన్నటిదా?"

పొద్దున చేసిందేనండి, ఆరింటికి నేనే దగ్గరుండి రుబ్బించా. నిన్నటి చట్నీ ఇవాళ పెట్టే అలవాటు ఈ కొట్టులో ఏనాడూ లేదు, ఆ మాట చదివినప్పుడు నిజంగా బాధేసింది. కానీ ఆ సాయంత్రం కూర్చుని ఒక్కొక్కటీ వెనక్కి చూసుకుంటే తేలిందేంటంటే, చట్నీ ఇవాళ్టిదే, కొబ్బరే నిన్నటిది.

పనివాళ్ళు తగ్గారని వేసవి మొదట్లో కాయలు కొట్టడం మానేసి, తురుము తెచ్చిచ్చే ఆయన దగ్గర తీసుకోవడం మొదలుపెట్టా. తెల్లారి ఐదున్నరకల్లా సంచి దింపి వెళ్ళేవాడు, చూడ్డానికి తెల్లగా బాగానే ఉండేది. గొడవయ్యాక మర్నాడు ఆ సంచి మధ్యలోకి చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా తగిలింది. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు, రాత్రి పదింటికే తురిమేసి మూట కట్టి బయటే పెడుతున్నాడంట, ఫ్రిజ్ లేదంట. అంటే నా చేతికొచ్చేసరికే ఏడున్నర గంటలు ఎండాకాలపు ఉక్కలో మగ్గిన కొబ్బరి అన్నమాట. ఇన్ని రోజులూ ఒక్క ముక్క చెప్పలేదు, అడగాల్సిన నేనూ అడగలేదు.

పచ్చి కొబ్బరిలో దాదాపు సగం నీరే, కొంచెం తీపి కూడా ఉంటుంది, పులుపు మాత్రం ఉండదు. చిప్పలో ఉన్నంతసేపు లోపలికి గాలి, చెయ్యి తగలవు, తురిమాక ప్రతి రేణువుకీ తగులుతాయి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బాక్టీరియా పెరుగుతుంది, మన ఎండాకాలం వేడి దానికి మరీ అనుకూలం. పోపు పెట్టాం కదా అనుకుంటాం గానీ, ఆ మరిగే నూనె పైన ఒక పొరని తాకుతుంది అంతే, లోపలి చట్నీ అసలు వేడెక్కదు. చింతపండో పెరుగో వేస్తే పులుపు వల్ల కాస్త నెమ్మదిస్తుంది, ఆగిపోదు.

నా తప్పులు కూడా చెప్తా. పెద్ద గిన్నె పొయ్యి పక్కన గట్టు మీద పెట్టుకుని, అయిపోవస్తుంటే అందులోనే కొత్త చట్నీ పోసేవాళ్ళం, అంటే పాతదాన్ని తోడు వేసినట్టే. ఇంకోటి పార్సిల్. పొగలొచ్చే ఇడ్లీల పక్కన చట్నీ ప్యాకెట్ పెట్టి కవర్ ముడేస్తే అది వెచ్చబడుతుంది, ఆపైన బండి డిక్కీలో ఎండలో ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

అనుమానం తీరక ఆదివారం మూడు గిన్నెలు పెట్టి చూశా, అదే పచ్చిమిర్చి, అదే పుట్నాల పప్పు, అదే ఉప్పు. సంచి తురుముతో చేసింది గట్టు మీద రెండున్నర గంటలకే అంచున సన్న నురగ, గరిటె ఎత్తితే జిగురు. అప్పుడే కొట్టిన కాయతో చేసింది అదే గట్టు మీద నాలుగు గంటలకి వాసన మారింది. ఫ్రిజ్‌లో పెట్టింది సాయంత్రం దాకా మారలేదు. అలాగని మూడున్నర గంటల వరకూ పర్లేదని అనుకోకండి, జబ్బు చేసే బాక్టీరియా కొన్ని వాసన గానీ రుచి గానీ మార్చవు, కొన్ని వదిలే విషం మళ్ళీ మరిగించినా పోదు. బయట రెండు గంటలు, 32 డిగ్రీలు దాటిన రోజు గంట, ఆహార భద్రత వాళ్ళు చెప్పే లెక్క ఇదే, నేనూ దీన్నే పట్టుకున్నా.

కొబ్బరి చట్నీ పార్సిల్ మొత్తం ఆపేద్దామా అని వారం రోజులు నిద్రపట్టలేదు, ఎందుకంటే మీలో సగం మంది వచ్చేదే దానికోసం. ఇంట్లోవాళ్ళు ఆపేయమన్నారు. ఆపడానికి మనసొప్పలేదు, ఈ చట్నీతోనే ఈ కొట్టు నిలబడింది. చివరికి, కూర్చుని తినేవాళ్ళకి ఎప్పటిలాగే ఉంటుంది, పార్సిల్‌కి మాత్రం "ఎప్పుడు తింటారు" అని అడుగుతాం. గంటలోపు తినేస్తానంటేనే కొబ్బరి చట్నీ, లేదంటే అల్లం పచ్చడి. కొందరికి కోపం వస్తుందని తెలుసు, అయినా దీంట్లో మాత్రం మారను.

కాయలు మళ్ళీ మేమే కొడుతున్నాం. కొట్టగానే వాసన చూసి, కన్ను దగ్గర బూజున్నా, ముక్క నాలిక మీద సబ్బులా తగిలినా ఆ కాయ పక్కన పడేస్తాం. చల్లటి నీళ్ళు పోసి రుబ్బుతున్నాం, లేకపోతే మిక్సీ వేడికే చట్నీ వెచ్చబడిపోతోంది. గంటకి సరిపడా చిన్న గిన్నె ఒకటే బయట, మిగతాది లోతు లేని పళ్ళేల్లో ఫ్రిజ్‌లో, లోతు గిన్నె అయితే మధ్యలో చల్లబడటానికి చాలా సేపు పడుతుంది. ఖాళీ అయిన గిన్నె కడిగాకే మళ్ళీ నింపుతాం. చట్నీ ప్యాకెట్ ఇడ్లీలతో కాకుండా వేరే కవర్‌లో ఇస్తాం, ఇంటికెళ్ళగానే ఫ్రిజ్‌లో పెట్టండి.

తురుము ఆయన నిన్న మళ్ళీ వచ్చాడు, ఇకనుంచి తెల్లారే తురుముతానన్నాడు. వద్దన్నా.