అమ్మాయికి ఏ రాకెట్టు

తిరుపతి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. ఇక్కడ అందరం కులాసాగా ఉన్నాము, అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, మిగిలిన కబుర్లు మరోసారి. అమ్మాయి బ్యాడ్మింటన్ నేర్చుకోబోతున్నదనీ, రెండు వేల లోపు రాకెట్టు చెప్పమనీ రాశావు కదా, ఆ సంగతి చెప్పాలని ఆత్రంగా ఉంది.

తమ్ముడి ఇంట్లో స్టీలు, అల్యూమినియం, గ్రాఫైట్ రాకెట్లు మూడూ దొరికితే వంటింటి కాటాలో తూచాము. స్టీలుది 118 గ్రాములు, అల్యూమినియంది 100, గ్రాఫైట్‌ది 84. తేడా చేతిలో పట్టుకున్నప్పుడు పెద్దగా తెలియదు కానీ, బరువు తల వైపు ఉండి మణికట్టు దానిని పదేపదే తిప్పవలసి వచ్చినప్పుడు, కొంతసేపటికే ముంజేయి అలసి దెబ్బ ఆలస్యంగా పడుతుంది.

ఇక అదురు సంగతి. మనం ‘గంట’ అని పిలుచుకున్న కాలేజీ నాటి లోహపు రాకెట్టు నీకు గుర్తుండే ఉంటుంది! షటిల్ తీగల నడిమికి కాక అంచుకు తగిలితే లోహపు చట్రం అదురు అరచేతి దాకా వస్తుంది, గ్రాఫైట్‌లో అది త్వరగా అణగిపోతుంది. మోచేయి నొప్పి భయం ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

అయితే గ్రాఫైట్ అన్నంత మాత్రాన సరిపోదు. కొత్తగా నేర్చుకునేవారి చేతి వేగం తక్కువ కనుక, గట్టి కాడ వంగదు, ఊపు ఇవ్వదు. మెత్తటి కాడ వంగి తిరిగి లేస్తూ షటిల్‌ను వెనుక గీత దాకా పంపడానికి సాయపడుతుంది. అందుచేత ‘ఫ్లెక్సిబుల్’ లేదా ‘మీడియం’ అని రాసి ఉన్న, 4యు, అంటే 80 నుండి 84 గ్రాముల రాకెట్టు తీసుకో. తీగల బిగింపు 20 నుండి 22 పౌండ్లు చాలు.

అంగడిలో ఒక జాగ్రత్త. కాడ మాత్రమే గ్రాఫైట్‌గా ఉండి తల అల్యూమినియం అయినవాటిని కూడా గ్రాఫైట్ అనే అమ్ముతారు. కాడ, తల కలిసే చోట విడిగా అతుకు కనిపిస్తే తల లోహమని అనుమానించు; గోటితో తట్టినా లోహపు మోత వినిపిస్తుంది. కాడకు అయస్కాంతం అంటుకుంటే అది స్టీలే.

పూర్తి గ్రాఫైట్ సుమారు పదిహేను వందల నుండి దొరుకుతుంది, నీ లెక్కకు సరిపోతుంది. అమ్మాయి కొనసాగిస్తుందో లేదో తెలియదనుకుంటే, వెయ్యి లోపు అల్యూమినియంతో మొదలు పెట్టవచ్చు. నేలకు తగిలితే అది సొట్టపడుతుంది, గ్రాఫైట్ అయితే కనీకనిపించని పగులు వచ్చి తర్వాత తీగలు బిగించేటప్పుడు విరగవచ్చు. స్టీలు మాత్రం ఇంటి వాకిట్లో ఆటకే. పిడి సైజు గురించి కూడా రాద్దామనుకున్నాను, కానీ తమ్ముడు చిత్తూరు బస్సుకు బయలుదేరుతున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికే ఇవ్వాలి.

నీ
మిత్రుడు