పెద్దవాళ్ళ కంటి పరీక్ష అక్షరాల చార్టు దగ్గరే ఆగకూడదు: ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కోనసీమలో ఒక కంటి క్లినిక్‌లో ఆప్టోమెట్రిస్ట్‌గా పనిచేస్తున్నాను. మా పల్లెల్లో పెద్దవాళ్ళ కోసం పెట్టే కంటి శిబిరాల్లో అక్షరాలు చదివిస్తారు, శుక్లం ఉందేమో చూస్తారు, కళ్ళజోడు రాసిస్తారు. వాటివల్ల ఎంతోమందికి మేలు జరిగింది. కానీ ఆ పరీక్షలకి దొరకని జబ్బు ఒకటుంది. అది కంటి నరం మెల్లగా దెబ్బతిని చూపు పోయే నీటికాసులు, అదే గ్లాకోమా.

ఈమధ్య 67 ఏళ్ల వరి రైతు ఒకాయన మా దగ్గరికి వచ్చారు. శుక్లాల ఆపరేషన్లు అయ్యాయి, రెండు కళ్ళతోనూ చార్టు కింది వరస దాకా చదివేశారు. కంటి ప్రెషర్ 17, అంటే మామూలుగా హద్దుగా చెప్పే 21కి లోపే. "అన్నీ చదివేశాను కదండీ, ఇంకా టెస్టులెందుకండీ?" అన్నారు. వాళ్ళ అన్నగారికి నీటికాసులు ఉన్నాయని తెలిసి డాక్టరు గారు కంటి నరం చూశారు. కుడి కంటి నరం మధ్యలో గుంట ఎడమ దానికన్నా బాగా పెద్దదిగా ఉంది. అందుకే ఓసీటీ, ఫీల్డ్ టెస్ట్ రెండూ రాశారు.

ఓసీటీ కంటిని తాకదు. కొన్ని సెకన్లలో కాంతితో నరం చుట్టూ ఉండే నరాల పొర మందం కొలుస్తుంది. ఆయనకి ఎడమ కంట్లో సగటు 88 మైక్రాన్లు, కుడి కంట్లో 69 వచ్చింది. కుడివైపు కింది భాగం రిపోర్టులో ఎర్రగా ఉంది. అదే వయసు ఆరోగ్యవంతులతో పోల్చి, పొర బాగా పలచగా ఉంటే మెషీన్ వేసే రంగు అది. అయితే ఎరుపు కనబడగానే జబ్బని తేల్చకూడదు. మైనస్ పవర్ బాగా ఎక్కువున్న కళ్ళలో జబ్బు లేకపోయినా ఎరుపు రావచ్చు. శుక్లం ముదిరితే సిగ్నల్ తగ్గి కొలత తప్పుతుంది. ఈయన సిగ్నల్ 10కి 8 ఉంది, మైనస్ పవర్ లేదు. కాబట్టి ఆ కొలత నమ్మదగ్గదే.

పొర పలచబడిందని ఓసీటీ చెబుతుంది. దానివల్ల చూపు ఎంత పోయిందో చెప్పేది ఫీల్డ్ టెస్ట్. ఒక కన్ను మూసి, గడ్డం ఆనించి, మధ్యలో ఉన్న లైటునే చూస్తూ, చుట్టూ ఎక్కడ సన్నని వెలుగు మెరిసినా బటన్ నొక్కాలి. పెద్దవాళ్ళకి ఇది కష్టమే. మా రైతు గారు మొదట బాగానే నొక్కి, తర్వాత అలసిపోయి ఆపేశారు. ప్రింటులో మధ్య భాగం తప్ప చుట్టూ నల్లగా వచ్చింది, మెషీన్ కూడా ఫలితం నమ్మదగ్గది కాదని చూపించింది. ఆ కాగితం ఒక్కటే చూస్తే ఆయన చూపు చాలావరకు పోయిందనుకుంటాం.

అందుకే మరో రోజు రమ్మన్నాం. దగ్గరి చూపు అద్దం సరిగ్గా పెట్టి, రెప్ప వాలకుండా టేపు వేసి, కంటికీ కంటికీ మధ్య కాసేపు కూర్చోబెట్టాం. "అన్ని లైట్లూ కనబడవు బాబాయ్ గారూ, కనబడినప్పుడే నొక్కండి" అని చెప్పాం. ఈసారి కుడి కంటి పైభాగంలో, ముక్కువైపు, విల్లులాంటి నల్లటి మచ్చ ఒకటే వచ్చింది. అది అడ్డగీత దగ్గర కత్తిరించినట్టు ఆగిపోయింది. కంటి లోపల కింది పొర దెబ్బతింటే బయట పైవైపు చూపు పోతుంది. ఓసీటీలో కింద ఎరుపు, ఫీల్డులో పైన మచ్చ రెండూ సరిపోయాయి కాబట్టి జబ్బు ఖాయమైంది. ఎడమ కన్ను ఆ లోటు పూడ్చేస్తోంది గనక ఆయనకి తెలియనే లేదు. రాత్రిపూట చుక్కల మందు మొదలుపెట్టాక ప్రెషర్ 12కి దిగింది. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టడానికే ఈ మందు.

ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనంలో మన పశ్చిమ గోదావరి పల్లెలు కూడా ఉన్నాయి. నీటికాసులు బయటపడ్డవాళ్ళలో చాలామందికి తమకి ఆ జబ్బు ఉన్నట్టే తెలియదని అది చెప్పింది.

ప్రతి శిబిరానికీ ఓసీటీ మెషీన్ పంపమని అడగడం లేదు. అందరికీ చేస్తే ఉత్తుత్తి ఎరుపులతో జనానికి టెన్షన్, ఆస్పత్రులకి రద్దీ. శిబిరంలో ప్రెషర్ చూసి, కంటి నరం చూడగలిగిన మనిషిని కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా అని అడిగిస్తే చాలు. అనుమానం ఉన్నవాళ్ళకి అమలాపురం, భీమవరం లాంటి చోట్ల ప్రభుత్వ ఆస్పత్రిలోనే రెండు టెస్టులూ జరగాలి. ఒకచోట ఓసీటీ, ఇంకోచోట ఫీల్డ్ అంటే డెబ్బై ఏళ్ల మనిషి తిరగలేరు. మెషీన్‌తో పాటు చీకటి గది, నిశ్శబ్దం, తెలుగులో ఓపిగ్గా చెప్పే టెక్నీషియన్, మొదటి ఫీల్డ్ సరిగ్గా రాకపోతే రెండోసారి చేయడానికి సమయం కూడా మంజూరు చేయండి. ఒక కంపెనీ ఓసీటీ కొలతని ఇంకో కంపెనీ కొలతతో పోల్చలేం కాబట్టి, మొదట ఏ మెషీన్ మీద చేశారో ఆ తర్వాతవీ దానిమీదే జరిగేలా, ప్రతిసారీ రిపోర్టు కాపీ మనిషి చేతికిచ్చేలా ఆదేశాలివ్వండి.

ఇట్లు,
ఒక ఆప్టోమెట్రిస్ట్,
కోనసీమ