హెడ్జ్ చేసుకున్న చిన్న ట్రేడర్‌కు ఎక్స్‌పైరీ రోజు అదనపు మార్జినా?

సంపాదకులకు నమస్కారం.

2024-25లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో నూటికి 91 మంది వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారని సెబీ అధ్యయనమే చెప్పింది. వాళ్లను కాపాడాలనే 2024 అక్టోబరులో నిబంధనలు బిగించింది. ఆ ఉద్దేశాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. కానీ వాటిలో ఒకటి, కాంట్రాక్టు గడువు ముగిసే ఎక్స్‌పైరీ రోజున అమ్మిన ఆప్షన్‌కు పూచీ సొమ్ముగా అదనపు మార్జిన్ అడిగే నిబంధన, జాగ్రత్తగా ఆడే చిన్న ట్రేడర్‌నే ఎక్కువ ఇబ్బంది పెడుతోంది.

అంతకుముందు నిఫ్టీ లాట్, అంటే ఒక్క కాంట్రాక్టులో ఉండే యూనిట్లు, 25. దాన్ని 75 చేశారు, 2026 జనవరి నుంచి 65 అయింది. నిఫ్టీ 25,000 దగ్గర ఉందనుకుంటే ఒక్క లాట్ విలువ 16.25 లక్షలు. వారపు ఎక్స్‌పైరీలు ఒక్కో ఎక్స్ఛేంజీకి ఒక్క సూచీకే మిగిలాయి: మంగళవారం నిఫ్టీ, గురువారం సెన్సెక్స్. సెన్సెక్స్ లాట్ 20 కాబట్టి దాని విలువా ఇంచుమించు ఇంతే. చిన్న లాట్ కోసం అటు వెళ్లినా లాభం లేదు.

అరవై వేలతో మొదలుపెట్టిన ఒక కుర్రాడి లెక్క చూద్దాం. శుక్రవారం నాడు, నిఫ్టీ పడితే విలువ పెరిగే 24,800 పుట్ ఆప్షన్‌ను 90 రూపాయలకు అమ్మి, రక్షణగా 24,600 పుట్ 45కు కొన్నాడు. చేతికి వచ్చిన ప్రీమియం 45 రూపాయలు, అంటే లాట్‌కు 2,925. నిఫ్టీ ఎంత పడినా పోయేది 155 రూపాయలు, అంటే 10,075. అంతకుమించి పోదు. అయినా మార్జిన్ అంతటితో ఆగదు. అమ్మిన పుట్‌కు కాంట్రాక్టు విలువలో 2 శాతం, అంటే 32,500 రూపాయలు ఎక్స్‌పోజర్ మార్జిన్‌గా అదనంగా పట్టుకుంటారు. రెండూ కలిపితే సుమారు 42,500. ఇంతవరకు ఖాతాలో డబ్బు సరిపోతుంది.

మంగళవారం పొద్దున అసలు చిక్కు మొదలవుతుంది. ఆ రోజు ఎక్స్‌పైరీ కాబట్టి అమ్మిన ఆప్షన్ మీద ఇంకో 2 శాతం పడుతుంది. మార్జిన్ 75 వేలకు చేరుతుంది, ఖాతాలో ఉన్నది అరవై వేలే. నష్టం ఒక్క రూపాయి కూడా పెరగలేదు, అయినా బ్రోకర్ నుంచి షార్ట్‌ఫాల్ మెసేజ్ వస్తుంది. టెన్షన్‌లో చాలామంది ముందు కొన్న పుట్ అమ్మేస్తారు. దాంతో హెడ్జ్ పోయి, మార్జిన్ లక్ష దాటిపోతుంది. మూసేటప్పుడు అమ్మిన కాలును, అంటే 24,800 పుట్‌ను, ముందు తిరిగి కొనాలి, రక్షణ కాలును తర్వాత అమ్మాలి. ఈ వరుస తెలియనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

కాబట్టి చిన్న మూలధనం ఉన్నవాళ్లు స్ట్రాటజీని మంగళవారం మార్జిన్ నుంచి వెనక్కి లెక్కగట్టాలి. డెబ్బై అయిదు వేలూ, దానిపైన కొంత అదనమూ లేకపోతే సోమవారం మార్కెట్ ముగిసేలోపే బయటపడాలి. అప్పుడు చివరి రోజు ప్రీమియం కరగడం వల్ల వచ్చే లాభం దక్కదు. ఎక్స్‌పైరీ వరకు ఉంచినట్టు చేసిన పాత బ్యాక్‌టెస్ట్ ఫలితాలు ఇక్కడ పనికిరావు, సోమవారం ధరలతో మళ్లీ చూసుకోవాల్సిందే. పాత వీడియోల్లో చెప్పే ‘రెండు లాట్లు తీసుకుని సగం ముందు మూసేయండి’ అన్న పద్ధతీ ఇంత డబ్బుతో కుదరదు.

రెండు పుట్‌ల మధ్య దూరాన్ని, అంటే స్ప్రెడ్‌ను, 50 పాయింట్లకు కుదించుకుంటే నష్టం రెండున్నర వేల దగ్గరకు వస్తుంది. అయితే చేతికి వచ్చే ప్రీమియం కూడా పది పదకొండు రూపాయలకు, అంటే లాట్‌కు ఇంచుమించు ఏడు వందలకు పడిపోతుంది. నాలుగు ఆర్డర్లకు ఇరవై చొప్పున బ్రోకరేజీ, పన్నులు కలిపితే వంద దాటుతుంది. ఎక్స్‌పోజర్ మార్జిన్ మాత్రం పైసా తగ్గదు.

ఇదంతా చూసి కుర్రాళ్లు ఏం చేస్తున్నారు? స్ప్రెడ్ వదిలేసి ఒంటరిగా ఆప్షన్ కొంటున్నారు. 90 రూపాయల పుట్ 5,850కి వస్తుంది, మార్జిన్ గొడవ లేదు. కానీ నిఫ్టీ కదలకుండా ఉన్నా ఆ డబ్బు రోజురోజుకీ కరిగిపోతుంది. మంగళవారం సాయంత్రానికి సున్నా అయ్యే అవకాశమే ఎక్కువ. కాపాడాలనుకున్న మనిషిని నిబంధనే అటు నెడితే ఎలా?

అదే ఎక్స్‌పైరీలో అమ్మిన ప్రతి ఆప్షన్‌కూ అంతే పరిమాణంలో కొన్న రక్షణ ఉంటే, ఆ రోజు అదనపు 2 శాతం నుంచి మినహాయింపు ఇవ్వాలని సెబీని కోరుతున్నాను. రక్షణ కాలును ముందే అమ్మేస్తే ఎలాగన్న సందేహం న్యాయమైనదే. కానీ ఆ ఆర్డర్ పెట్టినప్పుడే మార్జిన్ మళ్లీ లెక్కగట్టి, డబ్బు లేకపోతే తిరస్కరించవచ్చు. రక్షణ లేకుండా అమ్మేవాళ్ల మీద మాత్రం ఇప్పుడున్న భారం అలాగే ఉండాలి.

బ్రోకర్లు కూడా శుక్రవారం ఆర్డర్ పెట్టేటప్పుడే ‘మంగళవారం కావాల్సిన మార్జిన్ ఇంత’ అని చూపించాలి. మీ మార్కెట్ పేజీలో ప్రతి సోమవారం లాట్, ఎక్స్‌పైరీ తేదీ, ఆ రోజు అదనంగా పడే మార్జిన్ రూపాయల్లో ఒక చిన్న పెట్టెలో వేయగలిగితే, సాయంత్రంలోగా ఎవరు బయటపడాలో వాళ్లకే తెలుస్తుంది.

– ఒక పాఠకుడు, గుంటూరు