ఆలస్యం గురించి ఆ పోస్ట్ పెట్టే ముందు

తల్లీ,

నోట్‌బుక్కుల ఆలస్యం గురించి పోస్ట్ పెట్టడానికి నువ్వు పంపిన స్లైడ్లు నాలుగుసార్లు చదివాను. మొదటి దాంట్లో పూల బొమ్మ మీద "క్షమించండి" అని ఉంది. రెండో దాంట్లో "అనివార్య కారణాల వల్ల" అని రాశావు. ఆ మాట తీసేయమ్మా. అట్టలకు వేసే గుడ్డ ఆలస్యంగా వస్తోంది, నిజమే. కానీ అది చేతికి రాకముందే నువ్వు 64 నోట్‌బుక్కులకు ఆర్డర్లు తీసుకున్నావు. ఆ రెండో సంగతి కూడా రాస్తేనే సరఫరా చేసేవాళ్ల మీదకు నెట్టేసినట్టు ఉండదు.

చాలామంది మొదటి స్లైడ్ చూసి ఆగిపోతారు. అందుకే ముఖ్యమైన సంగతి అక్కడే ఉండాలి: "1 నుంచి 5వ తేదీ మధ్య ఆర్డర్ చేసినవారికి నోట్‌బుక్కులు ఆలస్యమవుతాయి. 30లోపు అందుతాయి." తనది అందులో ఉందో లేదో చదివేవాళ్లకు వెంటనే తెలియాలి. లేకపోతే సరుకు టైముకే అందేవాళ్లకూ అనవసరమైన టెన్షన్.

30 ఎలా వచ్చిందో చెప్తాను. గుడ్డ 14న వస్తుందన్నావు. రోజుకు 8 కుట్టగలవు కాబట్టి 64కి 8 రోజులు. 15న మొదలుపెడితే 22కి అవుతాయి. ప్యాకింగ్‌కు రెండు రోజులు, కొరియర్‌కు నాలుగు రోజులు వేసుకుంటే 28. ఇంకో రెండు రోజులు చేతిలో ఉంచుకో. నువ్వు రాసిన "త్వరలో" చూసి ఎవరూ ఏమీ తేల్చుకోలేరు. రెండోసారి కూడా తేదీ తప్పితే మొదటి క్షమాపణ కూడా అబద్ధమైపోతుంది. కుట్టుపని చేసే రోజుల్లో నేను ఒకావిడకు మూడుసార్లు "రేపు" అన్నాను. ఆమె కోపం ఆలస్యం మీద కాదు, మూడుసార్లు తిరిగినందుకు. మళ్లీ రాలేదు. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

డబ్బు సంగతి నువ్వు చివరి స్లైడ్‌లో చిన్న అక్షరాలతో పెట్టావు. దాన్ని మూడో స్లైడ్‌కు తెచ్చి పెద్దగా రాయి: "ఆగలేనివారు ఒక్క మెసేజ్ పెట్టండి, కారణం చెప్పక్కర్లేదు, మొత్తం డబ్బు వెనక్కి ఇస్తాను." డిస్కౌంట్ కూపన్ అస్సలు వద్దు. అందని సరుకుకు బదులు ఇంకో కొనుగోలు అంటగట్టినట్టు అనిపిస్తుంది.

ఆఖరి స్లైడ్‌లో మళ్లీ ఎప్పుడు కబురు చెప్తావో రాయి. "18న ఎన్ని కుట్టానో చెప్తాను" అంటే చాలు. 18న అనుకున్నదానికన్నా తక్కువే అయినా ఆ లెక్కే పెట్టు. పెట్టాక కామెంట్లు మూసేయకు. కోపంగా రాసినవాళ్లకు అందరికీ ఒకే జవాబు అతికించకుండా, వాళ్ల ఆర్డర్ చూసి జవాబివ్వు.

ఒక్క సంగతి మాత్రం మర్చిపోకు. డబ్బు కట్టినవాళ్లు ఈ వార్త పోస్ట్‌లో చూసి తెలుసుకోకూడదు. ముందు ఆ ఆర్డర్లు ఇచ్చినవాళ్లందరికీ విడివిడిగా మెసేజ్ పంపు, పోస్ట్ తర్వాత పెట్టు. పేర్లు, ఆర్డర్ తేదీలు నాకు పంపితే రాత్రి కూర్చుని సగం మందికి నేను టైప్ చేసి ఇస్తాను.

ప్రేమతో,
నాన్న