నాలుగు ప్రశ్నలకు జవాబివ్వని మీ రిక్రూట్‌మెంట్ విభాగంపై ఫిర్యాదు

హెచ్‌ఆర్ హెడ్ గారికి,

అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగానికి గురువారం ఉదయం 10 గంటలకు హైదరాబాద్ రమ్మని, 'ఒరిజినల్స్‌తో రావాలి' అని మీ రిక్రూటర్ మెయిల్ పంపారు. నేనుండేది విజయవాడలో. అందుకే సోమవారం పొద్దున్నే ఈ జవాబు పంపాను:

"నమస్కారం అండి. గురువారం తప్పకుండా వస్తాను. ఇంటర్వ్యూలో మాటలేనా, ఎక్సెల్ లేదా ట్యాలీ టెస్ట్ కూడా ఉంటుందా? మొత్తం ఎంతసేపు పడుతుంది? ప్యానెల్‌లో ఫైనాన్స్ వాళ్లు ఉంటారా, హెచ్‌ఆర్ వాళ్లేనా? ఇప్పటి కంపెనీలో ఇంకా పనిచేస్తున్నాను కాబట్టి అక్కడి రిలీవింగ్ లెటర్ ఉండదు. దాని బదులు అపాయింట్‌మెంట్ లెటర్, చివరి మూడు నెలల పే స్లిప్పులు తెస్తే సరిపోతుందా?"

ఇంతే. రెండు నిమిషాల్లో జవాబివ్వగలిగిన మెయిల్ ఇది.

మంగళవారం ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒకావిడ "మెయిల్ చేయండి" అన్నారు. చేశానని చెబితే "అయితే వెయిట్ చేయండి" అని పెట్టేశారు. మధ్యాహ్నం మళ్లీ చేస్తే ఇంకొకరు కన్సల్టెన్సీని అడగమన్నారు. కన్సల్టెన్సీ అబ్బాయి "అది కంపెనీయే చెప్పాలి మేడమ్" అన్నాడు. బుధవారం రిక్రూటర్‌కి వాట్సాప్‌లో అదే మెసేజ్ పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి కానీ జవాబు రాలేదు. చదివి వదిలేశారని తెలిశాక నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

గురువారం రిసెప్షన్‌లో మొదట అడిగింది ఇప్పటి కంపెనీ రిలీవింగ్ లెటరే. రాజీనామా చేయని మనిషికి అది ఎవరిస్తారండి? పాత కంపెనీది చూపించాను, అది కాదన్నారు. లోపల ఎవరినో అడిగి రావడానికి మూడు గంటలు పట్టింది. ఒంటి గంట దాటాక గంటన్నర ఎక్సెల్ టెస్ట్. బ్యాంక్ స్టేట్‌మెంట్‌ని లెడ్జర్‌తో సరిపోల్చమన్నారు. నాకు రోజూ చేతిలో పనే, కానీ ముందే తెలిస్తే కుదురుగా కూర్చునేదాన్ని. నాలుగు గంటలకు, "ఫైనాన్స్ మేనేజర్ ఇవాళ లేరు, ఇంకోరోజు రండి" అన్నారు. ఒకరోజు సెలవు, రానుపోను టికెట్లు వృథా.

మూడేళ్ల నుంచి మీ కంపెనీలోనే చేరాలని అనుకుంటూ, వేరే రెండు ఆఫర్లు కాదనుకున్నాను. అందుకే ఇంత కోపం వస్తోంది. ఉద్యోగం ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ ఆ నాలుగు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబిచ్చి, ఫైనాన్స్ మేనేజర్‌తో మిగిలిన రౌండ్ వీడియో కాల్‌లో పెట్టించండి. నా ప్రయాణ ఖర్చు కూడా మీరే ఇవ్వాలి. వారంలోగా జవాబు రాకపోతే, మీరు ప్రతి ఏడాది వచ్చే మా కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కి ఈ మెయిళ్లన్నీ తేదీలతో సహా పంపిస్తాను.

ఇట్లు,
గురువారం సాయంత్రం దాకా మీ రిసెప్షన్‌లో కూర్చున్న అభ్యర్థి