ఇరవై మార్కులు ఉంచాలా తీసెయ్యాలా అనే గొడవ సరే, అవి దేనికో ఎవరైనా అడిగారా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో టెన్త్ ఇంటర్నల్ మార్కుల వార్త చదివినప్పుడే రాద్దామనుకున్నా, కోపం తగ్గాక రాద్దాంలే అని ఆగా, తగ్గలేదు. మన తెలంగాణలో 2024 నవంబర్‌లో ఇంటర్నల్స్ తీసేస్తున్నాం, మొత్తం 100కి పరీక్ష అన్నారు, మర్నాడే ఈ ఏడాదికి కాదు వచ్చే ఏడాది నుంచి అన్నారు, ఆ ఏడాది వచ్చాక మళ్ళీ పరీక్షకి 80, ఇంటర్నల్స్‌కి 20 అన్నారు. పక్క ఆంధ్రలో 2019లోనే తీసేశారు. తీసేసినా ఉంచినా, ఆ 20 దేన్ని కొలుస్తుందో మాత్రం ఎవరూ మాట్లాడరు.

నేను భౌతిక శాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి నా సబ్జెక్టే చెప్తా. పిల్లలకి ఏమేం రావాలో చెప్పే మన విద్యా ప్రమాణాల్లో మూడోది ప్రయోగాలు చేయడం. దాని కోసమే టెన్త్ పుస్తకంలో కటకాల పాఠంలో కృత్యం ఇచ్చారు: వి-స్టాండ్ మీద కుంభాకార కటకం, ఒకవైపు కొవ్వొత్తి, రెండోవైపు తెల్ల కాగితం తెర, కొవ్వొత్తిని జరుపుతూ ప్రతిబింబం ఎక్కడ స్పష్టంగా పడుతుందో కొలిచి పట్టిక రాయాలి. పరీక్షలో ఏమడుగుతారు? "కుంభాకార కటక నాభ్యంతరం కనుక్కునే ప్రయోగ విధానాన్ని వివరించండి." గైడులో పేజీ ఉంది, పిల్లాడు బట్టీ కొట్టి రాస్తాడు, కొవ్వొత్తి ముట్టుకోని వాడికీ ఫుల్ మార్కులే. ఏ ప్రమాణానికి ఎన్ని ప్రశ్నలో చూపే బ్లూప్రింట్‌లో మాత్రం మూడో ప్రమాణం గడిలో టిక్కు పడిపోతుంది, అంతా సరిగ్గా సరిపోయింది అంటారు. పాఠం పేరు సరిపోయింది సార్, పని సరిపోలేదు. ప్రమాణం "చెయ్యి" అంటోంది, ప్రశ్న "గుర్తుచేసుకో" అంటోంది.

రాతపరీక్షలో ప్రయోగం ఎలా పెడతామండీ అంటారు. పెట్టొచ్చు. నాభ్యంతరం 10 సెం.మీ. కటకంతో తీసిన కొలతలని చెప్పి ఒక పట్టిక ఇవ్వండి: వస్తువు 40 సెం.మీ. దూరంలో ఉంటే ప్రతిబింబం 13 దగ్గర, 30కి 15, 25కి 12, 20కి 20, 15కి 30. ఇందులో తప్పు కొలత ఏది, ఎలా చెప్పగలవు అని అడగండి. చేతులతో చేసినవాడు సూత్రం ముట్టుకోకుండానే చెప్తాడు, వస్తువు దగ్గరికొచ్చే కొద్దీ తెర వెనక్కి జరగాలి కదా, 15కీ 20కీ మధ్యలో 12 ఎట్లా వస్తుంది, 17 దాకా ఉండాలి అని. తర్వాత వస్తువుని 8 సెం.మీ. దగ్గర పెడితే తెర మీద ఏం కనిపిస్తుంది అని అడగండి. ఏమీ కనిపించదు, ప్రతిబింబం తెర మీద పడదు. పోనీ సూత్రంతో లెక్క కట్టి తప్పు కొలత పట్టుకున్నవాడికీ మార్కులివ్వండి, వాడికి కనీసం విషయం అర్థమైంది. ఆ గైడు పేజీ మాత్రం రెండిటికీ పనికిరాదు. ఇలాంటి ప్రశ్న నిజంగా వస్తుందని తెలిస్తే జూన్‌లోనే స్కూళ్ళు కొవ్వొత్తులు కొంటాయి.

ఇక ఆ 20 మార్కులు. పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు అని నాలుగు సాధనాలు, తలా అయిదు మార్కులు. అసలు ఉద్దేశం మంచిదే, మూడు గంటల పరీక్షలో చూడలేనివి ఇక్కడ చూద్దామని. తెలుగులో వినడం, ఆలోచించి మాట్లాడటం కూడా రావాలి కదా, దాన్ని పబ్లిక్ పరీక్షలో ఎక్కడ అడుగుతారు? ఇక్కడే అడగాలి. కానీ ప్రాజెక్టంటే నెట్ సెంటర్లో ప్రింటు తీసి అంటించిన బొమ్మలు, మాట్లాడటం అంటే రికార్డులో అయిదుకి అయిదు, చాలా స్కూళ్ళలో అందరికీ 20కి 20. దొంగ మార్కులని తీసేస్తే ఆ మాట్లాడించడానికి ఉన్న ఒక్క చోటు కూడా పోతుంది, పరీక్షలో లేనిదాన్ని ఏ టీచర్ మాత్రం జనవరి స్పెషల్ క్లాసుల్లో చెప్తాడు?

దీనికి రివర్సు ఇంకోటి. సీసీఈ అనే నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక పాఠం వెనక ప్రశ్నలు ఉన్నవున్నట్టు అడగకూడదు, ఆలోచింపజేసేవి అడగాలి అన్నారు, బాగుంది. క్లాసులో మాత్రం ఇప్పటికీ ఆ వెనక ప్రశ్నలకే జవాబులు డిక్టేట్ చేస్తారు. చెప్పనిది అడిగితే పిల్లాడి తప్పా? అప్పుడేమో పేపర్ కఠినం, మార్కులు కలపండి అని మీ పేపర్లోనే వార్త.

పీరియడ్ ప్లాన్ రిజిస్టర్లో ప్రతి పాఠానికీ ప్రమాణాల కాలమ్ ఉంటుంది. ఎర్ర ఇంకుతో గీతలు కొట్టి, కిందటేడుది చూసి దింపి, ఎంఈవో గారు వస్తే చూపిస్తాం, ఆయన సంతకం పెట్టి టీ తాగి వెళ్తారు. ఆ కాలమ్‌ని స్లిప్ టెస్టు పేపర్ పక్కన పెట్టి చూసిన అధికారిని నా సర్వీసులో చూళ్ళేదు. అరగంట పని. ప్రతి ప్రశ్న ఎదురుగా అది ఏ ప్రమాణం, ఏ పీరియడ్‌లో చెప్పాం, అక్కడ పిల్లలు చేసిన పని ఇక్కడ అడిగిన పని ఒకటేనా అని మూడు మాటలు రాస్తే ఏది ఖాళీయో తెలిసిపోతుంది. చెప్పినవాటిలో ఏ ప్రశ్నకీ తగలనివి ఎన్ని మిగిలాయో కూడా తెలుస్తుంది.

పై అధికారులు ఈసారి ఉత్తర్వు మార్చేముందు, పోయిన మార్చి సైన్స్ పేపర్ ఒక్కటి తీసుకుని ఇలా చేసి ఆ కాగితం మీ పత్రికకి పంపమనండి. వేస్తారుగా?

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ టీచర్,
నల్గొండ జిల్లా