రిగ్స్ చెప్పింది అది కాదు

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో వర్ధమాన దేశాల పాలనపై వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు కుదుట పడలేదు. మనది ఇంకా మారుతున్న సమాజం, అందువల్ల మన కార్యాలయాలు ఇలాగే ఉంటాయి, కాలం గడిస్తే అవే సర్దుకుంటాయి అని వ్యాసకర్త తేల్చేశారు. పైగా ఆ మాటకు వర్ధమాన దేశాల పాలనను అధ్యయనం చేసిన అమెరికన్ పండితుడు ఫ్రెడ్ రిగ్స్‌ను సాక్ష్యం తెచ్చారు. ఆయన సిద్ధాంతాన్ని ఈ బెంగళూరులోనే ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాడిగా ఊరుకోలేకపోతున్నాను.

రిగ్స్ 1950ల చివర్లో థాయిలాండ్, ఫిలిప్పీన్స్ దేశాల పాలనను దగ్గరగా పరిశీలించి, 1964లో ప్రిస్మాటిక్ సమాజం అనే భావనను పూర్తిస్థాయిలో వివరించాడు. పట్టకంలోకి వెళ్లిన తెల్లని కాంతి రంగులుగా విడిపోయి బయటపడేలోపు ఉండే స్థితి లాంటిది అది. కార్యాలయాలు, పదవులు, నిబంధనలు అన్నీ విడివిడిగా ఏర్పడి ఉంటాయి. నిర్ణయాలు మాత్రం బంధుత్వాన్నీ కులాన్నీ పలుకుబడినీ బట్టి జరుగుతుంటాయి. ఈ కలగలుపునే ఆయన అతివ్యాప్తి అన్నాడు. కాగితం మీద ఉన్నదానికీ నిజంగా జరిగేదానికీ మధ్య దూరాన్ని లాంఛనప్రాయత అన్నాడు. వ్యాసకర్త ఇక్కడితో ఆగిపోయారు. అసలు సంగతి దీని తరువాతే ఉంది.

ఆ దూరం తక్కువగా ఉన్నచోట చట్టం మారితే ఉద్యోగి నడత మారుతుంది. ఎక్కువగా ఉన్నచోట చట్టం మారినా నడత మారదు. కొత్త నిబంధనను ఎవరికి వర్తింపజేయాలో, ఎవరిని వదిలేయాలో తేల్చుకునే వీలు మాత్రం ఉద్యోగి చేతికి అదనంగా వస్తుంది. ఆ వీలుకు ఒక ధర పలుకుతుంది.

దీనికి ప్రభుత్వ సేవలు గడువులోగా అందాలని చెప్పే మన కర్ణాటక సకాల చట్టమే ఉదాహరణ. 2011లో చేసిన ఆ చట్టం 2012 నుంచి అమలులో ఉంది. దాని జాబితాలోని ప్రతి సేవకూ గడువు ఉంది. గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 500 రూపాయల వరకు దరఖాస్తుదారుకు పరిహారం ఇవ్వాలి. దానిని బాధ్యుడైన ఉద్యోగి నుంచే రాబట్టాలి. చట్టంగా చూస్తే ఇందులో వంక పెట్టడానికి లేదు. కానీ గడువు మొదలయ్యేది రసీదు సంఖ్య ఇచ్చినప్పుడే. మా వీధిలో ఒకావిడ భర్త పోయాక నగరపాలిక రికార్డుల్లో ఇంటి ఖాతా తన పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టుకుంది. గుమాస్తా కాగితాలు తీసుకున్నాడు, సంఖ్య ఇవ్వలేదు. పెద్దసారు చూడాలన్నాడు. పోరాడితే చివరికి సంఖ్య వచ్చింది. గడువు ముగుస్తుందనగా ఏదో పత్రం చాలదంటూ దరఖాస్తును తిరస్కరించారు. మళ్లీ దరఖాస్తు, మళ్లీ మొదటి నుంచి గడువు. తిరస్కరించినా పరిష్కరించినట్టే లెక్క కాబట్టి నివేదికలో ఆ కార్యాలయానికి ఒక్క మచ్చ కూడా పడదు. అదే కార్యాలయం మెట్ల దగ్గర కూర్చునే ఏజెంటు ద్వారా వెళ్లినవారికి ఏ పత్రమూ తక్కువ కాలేదు. స్థానిక నాయకుడి మనిషికైతే ఆ ఖర్చు కూడా లేదు.

ఒకే సేవకు మనిషిని బట్టి ధర మారడాన్ని రిగ్స్ బజారు-క్యాంటీన్ అన్నాడు. లోపలివారికి రాయితీ, బయటివారికి కప్పం. ఆ విధవరాలు కట్టాల్సివచ్చింది ఆ కప్పమే. ఇది కాలం గడిస్తే సర్దుకునే విషయమని ఆమెతో చెప్పగలరా?

కాలక్రమంలో అంతా చక్కబడుతుందన్న భావనను రిగ్స్ కూడా నిలుపుకోలేదు. ఆయన తొలి నమూనాలో సమాజాలన్నీ ఒకే దారిలో నడుస్తాయన్నట్టు ఉందని విమర్శలు వచ్చాయి. 1973లో ఆయన దానిని సవరించాడు. సంస్థలు ఎంతగా విడివడ్డాయన్నది ఒక కొలత, విడివడిన వాటి మధ్య సమన్వయం ఎంత ఉందన్నది మరో కొలత అన్నాడు. సమన్వయం లోపిస్తే సంపన్న దేశమైనా ప్రిస్మాటికే. జాతి ఘర్షణలతో, విద్యార్థుల ఆందోళనలతో అట్టుడికిన అమెరికాను కూడా ఆ కోవలోనే చూశాడు. అంటే ఇది పేద దేశాల తలరాత కాదు. అయితే కాగితానికీ ఆచరణకూ మధ్య ఉన్న దూరాన్ని అంకెల్లో కొలిచే సాధనం ఆయన ఇవ్వలేదు. అది ఆ సిద్ధాంతంలో పెద్ద లోటే.

మన ఊళ్లో ఆ లోటును కొంతైనా తీర్చవచ్చు. బెంగళూరు నగరపాలికకు 2020 సెప్టెంబరులో పాలకమండలి గడువు ముగిసింది. ఆ తరువాత ఏళ్ల తరబడి ఎన్నికలు లేవు. అడగడానికి ఎన్నికైన సభ్యుడే లేనప్పుడు ఆ పని పత్రికలు చేయాలి. గడువులోగా ఎన్ని పరిష్కరించామన్న ప్రభుత్వ ప్రకటనను యథాతథంగా అచ్చువేయడం ఇకనైనా మానండి. అందులో మంజూరైనవి ఎన్ని, తిరస్కరించినవి ఎన్ని, తిరస్కరణల్లో గడువు చివరి రెండు మూడు రోజుల్లో జరిగినవి ఎన్ని అని వార్డుల వారీగా సమాచార హక్కు కింద అడిగి ప్రచురించండి. కౌంటరులో కాగితాలు ఇచ్చిన తేదీ, రసీదు మీది తేదీ రెండూ రాసి పంపమని పాఠకులను కూడా కోరండి. మా వీధి నుంచి పంపే బాధ్యత నాది.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
మల్లేశ్వరం, బెంగళూరు